ఏ చాప మీద కూర్చోవాలి?

మా మేనమామ పెద్దకొడుకు చిన్నప్పటి నుంచీ చర్చిలో డోలక్ వాయించేవాడు. మాకన్నా పెద్దవాడు కాబట్టి బావా అని పిలిచేవాళ్ళం. పద్దెనిమిదేళ్ళు నిండాక ఇల్లు వదిలి విజయవాడ వెళ్ళిపోయాడు. అక్కడ హిజ్రాల ఇంట్లో ఒక గురువు దగ్గర చేరాడని తర్వాత తెలిసింది. తొమ్మిదేళ్ళ తర్వాత తల్లికి పక్షవాతం వచ్చిందని కబురు వెళ్తే తిరిగొచ్చింది. అవును, వచ్చింది. చీర కట్టుకుని, జడ వేసుకుని, తల్లి మందుల సంచీ చేత్తో పట్టుకుని బస్సు దిగింది. నిన్నటిదాకా బావా అన్న నోటితో వదినా అని పిలవడానికి మాకు నాలుక తిరగలేదు. పిలవడానికి నెల పట్టింది. ఆ సంగతి దాచుకోవడం మాకు ఇష్టం లేదు.

ఆ ఆదివారం ఆమె చర్చికి వచ్చింది. మా చర్చిలో బెంచీలు లేవు, చాపలే. వాకిట్లోంచి చూస్తే ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు. ఆమె గుమ్మం దగ్గర నిలబడిపోయింది. లోపల పాట ఆగలేదు గానీ గొంతులు సన్నబడ్డాయి. సంఘపెద్ద ఒకాయన లేచి వెళ్ళి ఏదో చెప్పాడు. ఆమె బయట వేపచెట్టు కింద కూర్చుని ఆరాధన అంతా విన్నది. ఆ రోజు బల్ల ఆదివారం. రొట్టె, ద్రాక్షరసం లోపలే తిరిగాయి, చెట్టు దాకా రాలేదు.

తర్వాత పాస్టరుగారిని ఆమే అడిగింది: "అయ్యగారూ, నాకు బాప్తిస్మం ఇచ్చింది మీరే కదా. బల్ల ఎందుకు ఇవ్వలేదు?" ఆయన చెడ్డమనిషి కాదు. ఆమె తల్లిని ఆసుపత్రికి తన బండి మీద తీసుకెళ్ళినవాడే. "వాక్యం ఒప్పుకోదమ్మా, నేనేం చెయ్యను" అన్నాడు. అమ్మా అని పిలుస్తూనే ఆ మాట అన్నాడు.

వాక్యం నిజంగా ఏమంటుంది? దేవుణ్ణి వదులుకోకుండా, తనను తాను అబద్ధమని అనుకోకుండా ఒక మనిషి విశ్వాసంలో ఎలా నిలబడుతుంది? ఈ ప్రశ్న ఆమెది మాత్రమే అనుకున్నాం. చదువుతూ పోతే మాదీ అని తేలింది. మేము ఎరుకల వాళ్ళం. ఎందుకు మాదో ముందుకు చెబుతాం.

పాస్టరుగారు చూపించినవి ద్వితీయోపదేశకాండంలోని రెండు చోట్లు. ఒకటి 22వ అధ్యాయం 5వ వచనం. ఆడవాళ్ళ బట్టలు మగవాళ్ళు, మగవాళ్ళ బట్టలు ఆడవాళ్ళు వేసుకోకూడదని అక్కడుంది. రెండోది 23వ అధ్యాయం మొదటి వచనం. మర్మాంగాలు నలిగినవాడు గానీ కోయబడినవాడు గానీ దేవుని సమాజంలో చేరకూడదని అక్కడుంది.

మొదటిదానికి చాలామంది ఒక జవాబు చెబుతారు. అదే 22వ అధ్యాయం, ఉన్ని, నార కలిపి నేసిన బట్ట వేసుకోవద్దనీ చెబుతుంది, దాన్ని ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు కదా అని. ఈ జవాబు సగమే నిలుస్తుంది. అదే అధ్యాయంలో పొరుగువాడి తప్పిపోయిన ఎద్దును తోలుకొచ్చి అప్పగించమనీ, మిద్దెకు పిట్టగోడ కట్టమనీ ఉంది. వాటిని మంచి మాటలనే అంటాం. కాబట్టి పాతది కనుక పారేద్దాం అంటే కుదరదు. ఏది నిలిచింది, ఏది మారింది అన్నది బైబిలులోనే వెతకాలి.

రెండో వచనం దగ్గర ఆ వెతుకులాటకు దారి దొరికింది. 23వ అధ్యాయం మొదటి వచనంతో ఆగిపోదు. మూడో వచనం అమ్మోనీయులనూ మోయాబీయులనూ పదో తరం దాకా సమాజంలోకి రానివ్వొద్దంటుంది. అంటే ఒకే గుమ్మం దగ్గర రెండు రకాల వాళ్ళను ఆపారు. దేహం వల్ల ఒకరిని, పుట్టిన జాతి వల్ల ఇంకొకరిని.

మరి ఆ ఆజ్ఞ ఏమైంది? మోయాబు స్త్రీ రూతు బేత్లెహేముకు వచ్చింది, అక్కడే పెళ్ళి చేసుకుంది, దావీదు రాజుకు ముత్తవ్వ అయింది. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో యేసు వంశావళిలో ఆమె పేరుంది. ఆ తర్వాత యెషయా 56వ అధ్యాయం వస్తుంది. బబులోను చెర తర్వాతి మాటలని పండితులు చాలామంది అనుకునే భాగం అది. అందులో ప్రవక్త ఇద్దరిని పిలుస్తాడు. పరదేశిని పిలిచి, దేవుడు నన్ను తన జనం నుంచి వేరు చేస్తాడని అనుకోవద్దంటాడు. షండుణ్ణి పిలిచి, నేను ఎండిన చెట్టును అనుకోవద్దంటాడు. దేవుని నిబంధనను పట్టుకున్న షండులకు ఆయన ఇంట్లో, ఆయన గోడల లోపల చోటు ఉంటుందని చెబుతాడు. కొడుకులు కూతుళ్ళకన్నా మేలైన పేరు, ఎన్నటికీ కొట్టివేయని పేరు ఇస్తానని చెబుతాడు. కోత పడిన మనిషికి కొట్టివేయని పేరు. ఆ మాట ఎన్నుకోవడం ఊరికే జరిగింది కాదనిపిస్తుంది.

ఆ వెంటనే 7వ వచనంలో, దేవుని ఇల్లు అన్ని జనాలకూ ప్రార్థన ఇల్లని ఉంది. మా చర్చి గోడ మీద నీలం రంగుతో రాయించుకున్న వాక్యం అదే. అడవి నుంచి, గుడిసె నుంచి, ఊరి బయట నుంచి వచ్చిన మా తాతలకు ఆ వాక్యం ప్రాణం. అన్ని జనాలు అంటే మేమూ ఉన్నామని అర్థం చేసుకున్నారు. కానీ దానికి రెండు వచనాల ముందున్న షండుడి సంగతి మాకు ఎవరూ చదివి వినిపించలేదు. పరదేశి సగం మాది అని తీసుకున్నాం. రెండో సగం గోడ మీదికి ఎక్కలేదు.

ఆ వాక్యాన్ని వదినకు చూపించింది సండేస్కూల్ చెప్పే అక్క. ఆమె ఇంకో చోటు కూడా తీసి చూపించింది, అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం. ఇతియోపియా రాణి ఖజానా చూసే ఒక అధికారి యెరూషలేముకు ఆరాధనకు వెళ్ళి, గాజా దారిలో రథం మీద తిరిగొస్తుంటాడు. అతని చేతిలో ఉన్నది యెషయా గ్రంథం, చదువుతున్నది 53వ అధ్యాయం. వధకు తీసుకెళ్ళిన గొర్రెపిల్ల మాట. ఫిలిప్పు రథం ఎక్కి వివరిస్తాడు. దారిలో నీళ్ళు కనబడగానే, బాప్తిస్మం పొందడానికి నాకు అడ్డేమిటని ఆ అధికారి అడుగుతాడు. ఇద్దరూ నీళ్ళలోకి దిగుతారు. ముందు దేహం బాగుచేసుకుని రా అని ఫిలిప్పు అనలేదు. అతను సంతోషంగా తన దారిన వెళ్ళిపోయాడు.

తెలుగు బైబిలులో ఆ అధికారిని నపుంసకుడు అన్నారు. యెషయాలో షండుడు అన్నారు. రెండు మాటలు వేరు కావడంతో మనలాంటి చదువరులకు ఆ లంకె కనబడదు. గ్రీకు బైబిలులో రెండు చోట్లా ఒకే మాట ఉంది. 53వ అధ్యాయం చదువుతున్నవాడు చుట్టను ఇంకాస్త విప్పితే 56వ అధ్యాయంలో తనకోసం రాసిన మాట వస్తుంది. పైగా అతను పరదేశి కూడా. యెషయా పిలిచిన ఇద్దరూ ఒకే మనిషిలో రథమెక్కి వస్తున్నారు. ఆ కథ చదివినప్పుడు వదిన చాలాసేపు మాట్లాడలేదు. "ఈయన అడిగిందే నేనూ అడిగాను, వదినా" అంది అక్కతో.

ఇప్పుడు ఇది మా ప్రశ్న ఎందుకు అయిందో చెబుతాం. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. అందులో రెండు భాగాలు. మొదటి భాగం తెగల గురించి. పుట్టుకతోనే నేరగాళ్ళని కొన్ని జాతులకు జాతులనే రిజిస్టరులో రాసి, పాసు లేకుండా ఊరు దాటకుండా చేసింది. రెండో భాగం షండుల గురించి. వాళ్ళకూ రిజిస్టరే. రిజిస్టరులో ఉన్నవాళ్ళు ఆడబట్టలు కట్టి బజారులో కనబడితే, ఆడిపాడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైలులో పెట్టవచ్చు. పిల్లల్ని సాకడానికి, వీలునామా రాయడానికి కూడా వాళ్ళకు హక్కు లేదు. మొదట ఈ చట్టం ఉత్తరాది రాష్ట్రాల్లో నడిచింది. తెగల మీది ముద్ర 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల వాళ్ళం అందులో పడ్డాం. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు అలా వచ్చిందే. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. మాలో చాలామందికి బైబిలూ హాజరుపట్టీ ఒకే కాలంలో ఎదురయ్యాయి. హైదరాబాదు సంస్థానంలో కూడా షండులను రిజిస్టరు చేసే చట్టం 1919లో వచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో.

తెగల మీది ముద్ర 1952 ఆగస్టు 31న చెరిపారు. ఆ తేదీని విముక్తి దినమని జరుపుకుంటున్నాం. ఒకే చట్టంలో మా పక్కనే కట్టేసినవాళ్ళ గురించి ఆ రోజు ఎవరూ మాట్లాడరు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో వాళ్ళను మూడో జెండర్‌గా గుర్తించింది. ద్వితీయోపదేశకాండంలో ఒకే గుమ్మం దగ్గర ఆపింది మమ్మల్నీ వాళ్ళనీ. యెషయాలో ఒకే నోటితో పిలిచింది మమ్మల్నీ వాళ్ళనీ. దొరల చట్టంలో ఒకే కాగితం మీద రాసింది మమ్మల్నీ వాళ్ళనీ. గుమ్మం తెరుచుకున్నాక లోపలికి వెళ్ళినవాళ్ళం వెనక్కి తిరిగి తలుపు వేసుకుంటే, ఆ తలుపు ఎవరిది?

ఇంతటితో అంతా తేలిపోయిందని చెప్పం. షండుడూ ఈనాటి ట్రాన్స్‌జెండర్ మనిషీ ఒకటే కాదు. పాతకాలంలో రాజుల కొలువుల్లో చాలామందికి బలవంతంగా కోత పెట్టేవారు. మత్తయి 19వ అధ్యాయం 12వ వచనంలో యేసు మూడు రకాల వాళ్ళను చెబుతాడు. తల్లి గర్భం నుంచి అలా పుట్టినవాళ్ళు, మనుషులు అలా చేసినవాళ్ళు, దేవుని రాజ్యం కోసం తమను తామే అలా చేసుకున్నవాళ్ళు. ఆ వచనాన్ని పెళ్ళి మానుకున్న సన్యాసులకు చెప్పుకునే సంప్రదాయం పాతది. మా వదిన తనను మొదటి రకంలో చూసుకుంటుంది. అది ఆమె చదువు. యేసు ఆ మనుషుల గురించి మాట్లాడినప్పుడు ఒక్క తిట్టు మాట కూడా అనలేదన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

మగవాణ్ణి ప్రేమించే మగవాడి సంగతి, ఆడమనిషిని ప్రేమించే ఆడమనిషి సంగతి ఇంతకన్నా గట్టి ముడి. వాళ్ళకు యెషయాలో పిలుపు లేదు. లేవీయకాండం 18, 20 అధ్యాయాల్లో నిషేధం ఉంది. రోమీయుల పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు మాటలు ఉన్నాయి. కొరింథీయుల మొదటి పత్రిక 6వ అధ్యాయంలో ఒక గ్రీకు మాట ఉంది. దాన్ని పౌలుకు ముందు ఎవరైనా వాడిన దాఖలా దొరకలేదు. లేవీయకాండం గ్రీకు అనువాదంలోని రెండు మాటలు కలిపి పౌలు దాన్ని చేశాడని, కాబట్టి నిషేధం నిలిచే ఉందని ఒక పక్షం. ఆ కాలపు రోము రాజ్యంలో బానిసల్నీ కుర్రాళ్ళనీ వాడుకునే పద్ధతి ఉండేదని, పౌలు తిట్టింది దాన్నే గానీ సమానులైన ఇద్దరి జీవితకాలపు ప్రేమను కాదని రెండో పక్షం. మొదటి పక్షం వాదన బలహీనమైందని మేము అనం. రెండో పక్షంలోనూ బైబిలు మీద ప్రేమ ఉన్నవాళ్ళే ఉన్నారు. భారత జాతీయ చర్చిల సమాఖ్య జెండర్, లైంగిక వైవిధ్యాల మీద ఒక వేదిక పెట్టి ఇక్కడి చర్చిల మధ్య ఈ చర్చ నడుపుతోంది.

మా బంధువుల్లో అలాంటి అబ్బాయి ఒకడున్నాడు. ఉద్యోగం చేస్తున్నాడు, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. అతని ముందు మూడు దారులు కనబడ్డాయి. ఒకటి, పెళ్ళి లేకుండా, ఎవరి తోడూ లేకుండా బతకడం. అది మనస్ఫూర్తిగా ఎన్నుకున్నవాళ్ళను మేము గౌరవిస్తాం. కానీ అది పైనుంచి మోపేది కాదని యేసు మాటే ఉంది, అది ఎవరికి అనుగ్రహించబడిందో వాళ్ళకే సాధ్యమని. రెండోది, వాక్యాన్ని మళ్ళీ చదివి, ప్రేమించిన మనిషితో నమ్మకంగా బతుకుతూ చర్చిలో ఉండడం. మూడోది మన ఊళ్ళలో ఎక్కువమంది నడిచే దారి. నోరు మూసుకుని పెళ్ళి చేసుకోవడం.

మూడో దారిలోనే ఎక్కువ పాపం ఉందని మా అభిప్రాయం. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని పెద్దలంటారు. ఉపవాస ప్రార్థనలో పడేసి దయ్యాన్ని వెళ్ళగొడతామంటారు. మూడురోజులు అన్నం లేకుండా కూర్చోబెడితే ఎవరైనా మారాననే చెబుతారు. మారాననే సాక్ష్యం చర్చిలో ఇప్పిస్తారు. చప్పట్లు కొడతారు. ఆర్నెల్లకు ఒక పిల్లను తెచ్చి కట్టబెడతారు. ఆ పిల్లకు ఏమీ చెప్పరు. తప్పెక్కడుందో తెలియక తనలోనే వెతుక్కుంటూ ఆ అమ్మాయి ఎండిపోతుంది. అబద్ధ సాక్ష్యం వద్దన్నది పది ఆజ్ఞల్లో ఉంది. దేవుని పేరున ఒకరి చేత అబద్ధం చెప్పించి, ఇంకొకరి బతుకు దానికి బలిపెట్టడం ఏ వాక్యానికి లోబడడం? ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్ళిద్దరి ప్రేమ నేరం కాదంది. ఇలాంటి మార్పిడి వైద్యం చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. డాక్టరు చేస్తే తప్పయింది, ప్రార్థన గదిలో చేస్తే ఒప్పెలా అవుతుంది?

ఆ అబ్బాయి పెళ్ళి ఒప్పుకోలేదు. తల్లితో ఒక్క మాట అన్నాడు: "అమ్మా, దేవుడి ముందు నేను అబద్ధం ఆడలేను. నీకోసం ఆడమంటావా?" ఆమె ఏడ్చింది, ఒక నెల మాట్లాడలేదు. తర్వాత సంబంధం వాళ్ళకు తనే కబురు పంపింది, వద్దని. ఆమె ఇప్పటికీ అది పాపమనే అనుకుంటుంది. కొడుకు కాదనే అనుకుంటాడు. రాత్రి ప్రార్థన మాత్రం ఇద్దరూ ఒకే దీపం దగ్గర చేస్తారు. రాజీ అంటే ఇద్దరి నమ్మకమూ ఒకటై పోవడమే కానక్కర్లేదని వాళ్ళను చూసి నేర్చుకున్నాం. నమ్మకం తేడాగా ఉన్నా అబద్ధం లేకుండా ఒకే ఇంట్లో నిలబడడం కూడా రాజీయే.

పాత దేవతల దగ్గర ఈ గొడవ లేదు కదా అని మాలో కొందరంటారు. బోనాల్లో, ఎల్లమ్మ కొలువుల్లో చీర కట్టిన మగపుట్టుక వాళ్ళకు అమ్మవారు పూనితే అందరూ కాళ్ళకు మొక్కుతారు. నిజమే. కానీ పండగ అయ్యాక అద్దెకు ఇల్లు ఎంతమంది ఇస్తున్నారు? పూనకం ఉన్నంతసేపే గౌరవం ఉంటే, అది వచ్చిన దేవతకు గానీ మనిషికి కాదు. భయంతో మొక్కడం వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు. చర్చి అయినా కొలువు అయినా పరీక్ష అక్కడే.

మా వదిన కథ ఇంకా ముగియలేదు. సండేస్కూల్ అక్క యెషయా వాక్యం పట్టుకుని స్త్రీల సమాజం కూడికలో చదివింది. గంటసేపు వాదన జరిగింది. వయసులో అందరికన్నా పెద్దదైన మా నాయనమ్మ చివరిదాకా విని, "చెట్టు కింద ఎండ పడుతోంది, పిల్ల అక్కడెందుకు" అంది. తర్వాతి ఆదివారం గుమ్మం దగ్గరకు తనే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆడవాళ్ళ చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరు ముగ్గురు లేచి వెనక్కి జరిగారు. మూడు వారాలకు అందులో ఇద్దరు తిరిగి ముందుకొచ్చారు.

బల్ల మాత్రం ఇంకా ఇవ్వలేదు. పైకమిటీకి రాశాను, జవాబు రావాలి అని పాస్టరుగారు చెబుతున్నారు. రొట్టె పళ్ళెం ఆమె దగ్గరకొచ్చి దాటిపోతుంది. మొదటిసారి దాటిపోయినప్పుడు మా నాయనమ్మ చేతిలో తీసుకున్న రొట్టెను తినకుండా అలాగే పట్టుకు కూర్చుంది. "ఇది తిన్నాక నేను దీనికి ఏమని చెప్పను" అంది. పోయిన నెల ఆ పళ్ళెం నుంచి మేమూ తీసుకోలేదు. ఇప్పుడు ఆడవాళ్ళ చాప మీద పదకొండు మంది తీసుకోవడం లేదు. మగవాళ్ళ చాప మీద నలుగురు. పైకమిటీ జవాబు కోసం అందరం కలిసే ఎదురుచూస్తున్నాం.